గోళం ట్యాంకు టెస్టులో నీళ్ల లెక్క కుదరడం లేదు: 11 లీటర్లా, 16 లీటర్లా, 22 లీటర్లా?

శ్రీను_కర్నూలు
అందరికీ నమస్కారం. మాది కర్నూలు. మెకానికల్ డిప్లొమా అయ్యాక కడపలో ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డులో ట్రైనీగా చేరాను. మేము ఒక గోళాకారపు ట్యాంకు తయారు చేశాం. నైట్రోజన్ నిల్వ చేయడానికి. లోపలి వ్యాసం 3 మీటర్లు, ప్లేటు మందం 12 మి.మీ., పని చేసే ప్రెషర్ 12 బార్. మామూలు కార్బన్ స్టీలు.

మొన్న నీళ్లతో టెస్టు చేశాం. ట్యాంకు నిండా నీళ్లు నింపి, ఆ తర్వాత గీతలు పెట్టిన డ్రమ్ము నుంచి చేతిపంపుతో ఎక్కించాం. సున్నా నుంచి 12 బార్ వచ్చేసరికి డ్రమ్ములో 22 లీటర్లు తగ్గాయి. అక్కడి నుంచి టెస్ట్ ప్రెషర్ దాకా వెళ్లాం కానీ నా దగ్గర ఉన్న రీడింగులు 12 వరకే.

నేను ఇంట్లో కూర్చుని లెక్క వేస్తే ట్యాంకు 16 లీటర్లు పెరగాలని వచ్చింది. మా సీనియర్ అన్న చూసి "11 లీటర్లు" అన్నాడు, ఎలా వచ్చిందో చెప్పలేదు, పని హడావుడిలో ఉన్నాడు. డ్రమ్ము మాత్రం 22 అంటోంది. మూడింట్లో ఏది నమ్మాలి? ప్లేటు ఎక్కడైనా సాగిపోయిందేమోనని టెన్షన్‌గా ఉంది.

ఏఈ_ప్రిపరేషన్
తమ్ముడూ, ముందు స్ట్రెస్ చూసుకో. గోళానికి pd/4t. 1.2 ఇంటూ 3000, భాగించు 48. అంటే 75 మెగాపాస్కల్. స్టీలు 250 దగ్గర గానీ యీల్డ్ కాదు. కాబట్టి సాగిపోయే ప్రశ్నే లేదు, నిశ్చింతగా ఉండు.

ఒక్క మాట. గ్యాస్ ట్యాంకు కాబట్టి ప్రెషర్ ఎప్పుడూ అబ్సల్యూట్‌లో వేయాలి. 12కి వాతావరణం 1 కలిపి 13. అప్పుడు స్ట్రెస్ 81 వస్తుంది. వ్యాసంలో స్ట్రెయిన్ 81 బై E, దాన్ని మూడింతలు చేస్తే వాల్యూమ్ స్ట్రెయిన్. నీ 16 కూడా కొంచెం పెరిగి 17 అవుతుంది. డ్రమ్ములో మిగతా 5 లీటర్లు ఎక్కడో లీకు అయ్యుంటుంది.

అనంత_మాస్టారు
స్ట్రెస్ ఫార్ములా సరిగ్గా చెప్పారు, 75 కూడా సరే. ఆ తర్వాతి రెండు మాటలు సరికావు.

ట్యాంకును నడిమికి కోసినట్టు ఊహించుకోండి. లోపలి గ్యాస్ ఆ రెండు అర్ధగోళాలను విడదీయాలని చూస్తుంది. బయటి గాలి వాటిని దగ్గరికి నొక్కుతుంది. గోడ మోయాల్సింది ఆ రెండింటి తేడానే, అంటే గేజ్ చూపించే 12 బారే. అబ్సల్యూట్ ప్రెషర్ కావాల్సింది లోపలి గ్యాస్ ఎంత ఉందో, వేడెక్కితే ఎంత పెరుగుతుందో లెక్కించేటప్పుడు. గోడ లెక్కకు గేజ్, గ్యాస్ లెక్కకు అబ్సల్యూట్. రెండూ ఒకే ట్యాంకువే కాబట్టి పిల్లలు తరచూ కలిపేస్తారు.

శ్రీనూ, ఇక నీ 16 సంగతి. నువ్వు 75ని E తో భాగించి, మూడింతలు చేసి ఉంటావు. గోళం గోడలో ఏ ముక్క తీసుకున్నా దాన్ని రెండు దిక్కులా సమానంగా లాగుతున్నారు. నిలువుగా లాగినప్పుడు అడ్డంగా కుంచించుకుపోవాలని చూస్తుంది, అడ్డంగా లాగినప్పుడు నిలువుగా. ఒక్కో లాగుడూ రెండోదాని సాగుడును కొంత తినేస్తుంది. స్టీలుకు ఆ తినేసే పాలు 0.3. అందుకే:

```
σ = p·d / (4·t) = 1.2 × 3000 / 48 = 75 MPa
ε = σ·(1 − ν) / E = 75 × 0.7 / 200000 = 0.0002625
ΔV / V = 3·ε = 0.0007875
V = π·d³ / 6 = 14137 లీటర్లు
ΔV = 11.1 లీటర్లు
```

మీ సీనియర్ చెప్పిన 11 ఇదే. వ్యాసం పెరిగేది సుమారు 0.8 మి.మీ. అంత పెద్ద ట్యాంకు 12 బార్ ప్రెషర్‌కి మిల్లీమీటరు కూడా ఉబ్బదు. నీళ్లు పోసినా నైట్రోజన్ పోసినా 12 బార్ దగ్గర గోడ ఉబ్బు ఇంతే. గోడకు లోపల ఏముందో తెలియదు, ప్రెషరే తెలుసు. నీళ్లకు ట్యాంకు అడుగున 3 మీటర్ల ఎత్తు బరువు వల్ల 0.3 బార్ ఎక్కువ పడుతుంది, దాన్ని ఇక్కడ వదిలేయవచ్చు.

22 దగ్గరికి తర్వాత వస్తాను. ముందు ఒకటి చెప్పు. మధ్యలో ఎక్కడైనా ఆగి రీడింగులు రాసుకున్నారా?

ఆదోని_మిల్లు
మాస్టారు గారూ, మధ్యలో వస్తున్నందుకు ఏమనుకోవద్దు. మాది ఆదోనిలో జిన్నింగ్ మిల్లు. కంప్రెసర్ పక్కన గాలి ట్యాంకు ఉంది, నిలువుది, వ్యాసం 800 మి.మీ., 6 మి.మీ. ప్లేటు, 8 బార్. మీ ఫార్ములాలో వేస్తే 27 మాత్రమే వస్తోంది. అంటే 3 మి.మీ. ప్లేటు సరిపోయేదన్నమాట! కొత్త ట్యాంకు చేయించబోతున్నాను. 4 మి.మీ. చాలా? ప్లేటు ధర మీకు తెలిసిందే కదా.

అనంత_మాస్టారు
అయ్యా, మీది గోళం కాదు, సిలిండర్. సిలిండర్ చుట్టూ వచ్చే స్ట్రెస్ pd/2t. మీ ట్యాంకుకు 53 వస్తుంది, 27 కాదు. గోళానికి ఏ దిక్కున కోసినా కోత ఒకేలా ఉంటుంది. సిలిండర్‌ను నిలువునా కోస్తే మోయాల్సిన చోట రెండు పక్కల గోడలే ఉంటాయి, అందుకే రెట్టింపు. గ్యాస్ నిల్వకు గోళం చేయడంలో ఉన్న లాభం అదే, అదే ప్రెషర్‌కు సగం మందం. కానీ రేకులు వంచి అతకడం కష్టం, అందుకే మీ మిల్లులో సిలిండర్ ఉంది.

లలిత_ఎన్‌డీటీ
ఆదోని అన్నగారూ, నేను ట్యాంకుల మందం కొలిచే పనిలో ఉన్నాను, ఎక్కువగా ఎర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీల్లో. మీలాంటి గాలి ట్యాంకుల్లో తేమ చేరి అడుగున నీళ్లు నిలుస్తాయి. పైన 6 ఉన్న ప్లేటు అడుగున 4 చిల్లరకు దిగిపోయి ఉంటుంది. బయట పెయింటు బాగానే కనిపిస్తుంది. 4.2 మి.మీ. అయితే 53 కాస్తా 76 అవుతుంది. దాని మీద అతుకు ఎంత నమ్మకమో చూడాలి. ఎక్స్‌రే తీయని అతుకుకు ప్లేటు బలంలో 70 శాతమే లెక్కిస్తారు.

ఈ వేదికలో అడిగి 4 మి.మీ. వేయకండి. తుప్పుకు అదనపు మందం వదలకుండా ఎవరూ గీయరు. ఉన్న ట్యాంకుకు ప్రభుత్వం గుర్తించిన కాంపిటెంట్ పర్సన్‌తో మందం కొలిపించండి, ముఖ్యంగా అడుగు డిష్‌లోనూ డ్రెయిన్ చుట్టూనూ. డ్రెయిన్ రోజూ విప్పుతున్నారా?

ఆదోని_మిల్లు
రోజూ అంటే… ఆపరేటర్ విప్పుతాడనే అనుకుంటున్నాను. రేపు చూస్తాను. కొలిపిస్తాను అమ్మా.

శ్రీను_కర్నూలు
మాస్టారూ, 0.3 సంగతి అర్థమైంది. రీడింగులు ఉన్నాయి. 2 బార్ దగ్గర 5.5 లీటర్లు, 4 దగ్గర 9, 8 దగ్గర 15.5, 12 దగ్గర 22. ఎక్కడా లీకు కనిపించలేదు. అతుకులన్నీ తుడిచి చూశాం, గేజ్ అరగంట నిలబడింది.

అనంత_మాస్టారు
రీడింగులు రాసుకున్నావు కాబట్టి సగం పని అయిపోయింది.

11 లీటర్లు ట్యాంకు ఉబ్బినందుకు. కానీ నీళ్లు కూడా నలుగుతాయి. నీళ్లు నలగవు అని చిన్న క్లాసులో చెప్పింది 14 వేల లీటర్ల దగ్గర పనికిరాదు. నీటి బల్క్ మాడ్యులస్ సుమారు 2200 మెగాపాస్కల్. 1.2ను 2200తో భాగించి 14137తో గుణిస్తే 7.7 లీటర్లు. అంటే 12 బార్ దగ్గర ఉన్న నీళ్లు అంత తక్కువ చోటులో ఇమిడాయి, ఆ ఖాళీకి పంపు అంత ఎక్కించింది. 11.1కి 7.7 కలిపితే 18.8. నీ 22లో ఇంకా 3 లీటర్ల పైచిలుకు మిగిలింది.

ఆ మిగిలింది ఏమిటో నీ రీడింగులే చెబుతున్నాయి. స్టీలూ నీళ్లూ మాత్రమే ఉంటే ప్రతి 2 బార్‌కు 3.1 లీటర్ల చొప్పున సమానంగా ఎక్కాలి. నీకు మొదటి 2 బార్‌కే 5.5 ఎక్కింది. తర్వాతి 2 బార్‌కు 3.5. ఆపైన ప్రతి 4 బార్‌కు 6.5, అంటే 2 బార్‌కు 3.2 చొప్పున. మొదట్లోనే ఎక్కువ మింగి తర్వాత దారిలో పడిందంటే లోపల గాలి మిగిలి ఉంది. గాలి మొదటి 2 బార్‌లోనే మూడింట రెండు వంతులు కుంచించుకుపోతుంది. ఇక్కడ అబ్సల్యూట్ లెక్క కావాలి, 1 నుంచి 3కి పోతోంది కదా.

మూడున్నర లీటర్ల గాలి పెట్టి చూశాను. 2 దగ్గర 5.5, 4 దగ్గర 9.1, 8 దగ్గర 15.6, 12 దగ్గర 22 వస్తున్నాయి. నీ డ్రమ్ము చాలా నిజాయితీ గలది.

లలిత_ఎన్‌డీటీ
శ్రీనూ, పైన నాజిల్ ఏదైనా బ్లైండ్ ఫ్లాంజ్‌తో మూసి ఉందా? గాలి వదిలే చిన్న కుళాయి ఆ ఫ్లాంజ్ మీదే ఉందా, వేరే నాజిల్ మీద ఉందా?

శ్రీను_కర్నూలు
ఉంది మేడం. నడినెత్తిన 6 అంగుళాల నాజిల్, మెడ దాదాపు 200 మి.మీ. ఎత్తు. బ్లైండ్ ఫ్లాంజ్ మూసేసి ఉంది. గాలి వదిలే కుళాయి దాని పక్కనున్న చిన్న నాజిల్ మీద ఉంది. అది కొంచెం కిందికి.

లలిత_ఎన్‌డీటీ
150 మి.మీ. వ్యాసం, 200 ఎత్తు వేసి చూడు, మూడున్నర లీటర్లు. ఆ మెడలో గాలి వెళ్లడానికి దారే లేదు. ఈసారి బ్లైండ్ ఫ్లాంజ్‌కే కుళాయి పెట్టించు, నీళ్లు పొంగి పొర్లేదాకా తెరిచి ఉంచు.

ఇది లెక్క అందం కోసం చెప్పడం లేదు. టెస్టులో నీళ్లు వాడటానికి కారణమే, ఏదైనా పగిలితే నీళ్లు బొటబొటా కారి ప్రెషర్ పడిపోతుంది. మీ ట్యాంకును అదే 12 బార్ గాలితో నింపి టెస్టు చేస్తే లోపల నిల్వ ఉండే శక్తి నీళ్లతో పోలిస్తే రెండు వేల రెట్లు. మూడున్నర లీటర్ల గాలి అంత ప్రమాదం కాకపోయినా, చూసీ చూడనట్టు వదలడం అలవాటైతే రేపు మూడు వందల లీటర్లు మిగులుతుంది.

ఏఈ_ప్రిపరేషన్
గేజ్, అబ్సల్యూట్ తేడా ఇప్పుడు స్పష్టమైంది మాస్టారూ. ఒక సందేహం. ట్యాంకు ఉబ్బితే లోపలి నైట్రోజన్‌కు చోటు పెరుగుతుంది కదా, అప్పుడు ప్రెషర్ తగ్గి స్ట్రెస్ కూడా తగ్గాలి. లెక్కల్లో దీన్ని ఎందుకు పట్టించుకోరు?

అనంత_మాస్టారు
చోటు పెరిగేది వెయ్యికి ఒక వంతు కూడా కాదు. 13 బార్ అబ్సల్యూట్‌లో అది 0.01 బార్. గేజ్ ముల్లు కదలదు. గ్యాస్ ప్రెషర్‌ను మన ఎండ ఎంతో ఎక్కువ మారుస్తుంది. 30 డిగ్రీల గ్యాస్ 45 డిగ్రీలకు వేడెక్కితే 13 కాస్తా 13.6 దాటుతుంది. స్ట్రెస్ 4 మెగాపాస్కల్ పెరుగుతుంది. రాయలసీమలో బయట నిలబెట్టే ట్యాంకుకు తెల్లటి పెయింటు వేసేది ఊరికే కాదు.

శ్రీను_కర్నూలు
మెడలో గాలి అనేది నాకు తట్టనే లేదు. ఇంకో విషయం చెప్పడం మరిచాను. ప్రెషర్ దించేటప్పుడు నీళ్లు తిరిగి అదే డ్రమ్ములోకి వదిలాం. 12 నుంచి సున్నాకు వచ్చేసరికి 21 లీటర్లే వచ్చాయి. ఒక లీటరు రాలేదు. ఇదే నా అసలు భయం. ట్యాంకు ఆ ఒక్క లీటరు మేర శాశ్వతంగా సాగిందా?

అనంత_మాస్టారు
భయపడాల్సిన అంకె కాదు కానీ కొట్టిపారేసేదీ కాదు. 75 దగ్గర, టెస్ట్ ప్రెషర్‌లో 100 దగ్గర, ప్లేటు మొత్తంగా యీల్డ్ కాదు. కానీ pd/4t చెప్పేది అచ్చమైన గోళానికి. మీరు చేసింది వంచిన రేకులను అతికిన గోళం. అతుకు దగ్గర రేకు కాస్త కొనతేలి ఉంటుంది, ఎక్కడో కొంచెం చదునుగా ఉంటుంది. మొదటిసారి ప్రెషర్ ఎక్కినప్పుడు అలాంటి చోట్ల వంపు స్ట్రెస్ కూడా తోడై, అక్కడక్కడా సాగి, ఆకారం గోళానికి దగ్గరగా సర్దుకుంటుంది. కాళ్లు అతికిన చోట కూడా అంతే. దాని వల్ల కొంత నీళ్లు తిరిగి రాకపోవడం ఉంటుంది.

లలిత_ఎన్‌డీటీ
మాస్టారు గారితో ఇక్కడ పూర్తిగా ఏకీభవించను. సర్దుకోవడం నిజమే, కానీ ఆ లీటరు దానిదే అని ఈ రీడింగులతో ఎవరూ చెప్పలేరు. శ్రీనూ, టెస్టు ఏ టైమ్‌కు మొదలుపెట్టారు, ఎప్పుడు దించారు?

శ్రీను_కర్నూలు
పొద్దున తొమ్మిదికి నింపడం అయింది. పది తర్వాత పంపు మొదలు. దించేసరికి ఒంటిగంట దాటింది. ఎండ మామూలుగా లేదు, పడమటి పక్క నీడ, తూర్పూ నెత్తీ కాలిపోతున్నాయి.

లలిత_ఎన్‌డీటీ
అదీ సంగతి. ట్యాంకు ప్లేటు సగటున 2 డిగ్రీలు వేడెక్కితే చాలు, ట్యాంకు లోపలి చోటు 1 లీటరు పెరుగుతుంది. స్టీలు వ్యాకోచం డిగ్రీకి 0.000012, దానికి మూడింతలు, 14 వేల లీటర్ల మీద వేసి చూసుకో. అప్పుడు ఒక లీటరు లోపలే ఉండిపోతుంది, ప్లేటు ఏమీ సాగకపోయినా.

దీనికి ఎదురు తిరిగేది ఇంకోటి ఉంది. నీళ్లు వేడెక్కితే స్టీలు కన్నా ఎక్కువ వ్యాకోచిస్తాయి. 30 డిగ్రీల దగ్గర నీళ్లు ఒక్క డిగ్రీ పెరిగితే, స్టీలు పెరుగుదల పోను, ఈ ట్యాంకులో 3.7 లీటర్లు అదనంగా బయటికి రావాలి. 14 టన్నుల నీళ్లు మూడు గంటల్లో 0.3 డిగ్రీ పెరిగినా లీటరు పైమాటే. అంటే మీకు నిజంగా 2 లీటర్లు శాశ్వతంగా సాగి, నీళ్ల వేడి ఒక లీటరును కప్పిపుచ్చి ఉండవచ్చు. లేదా అసలేమీ సాగకుండా ప్లేటు వేడే ఒక లీటరును దాచి ఉండవచ్చు. ఉష్ణోగ్రతలు రాసుకోని టెస్టులో లీటరు గురించి వాదించలేం.

ఇంకో జాగ్రత్త. ఇదే లెక్కను తిప్పి చూడు. నీళ్లు నిండిన ట్యాంకును అన్ని వాల్వులూ మూసి ఎండలో వదిలి భోజనానికి వెళ్తే, నీళ్లు ఒక్క డిగ్రీ వేడెక్కినా ప్రెషర్ 2 బార్ పైగా దానంతటదే ఎక్కుతుంది. గ్యాస్‌తో 15 డిగ్రీలకు 0.6 పెరిగే ట్యాంకు, నీళ్లతో ఒక్క డిగ్రీకే 2 దాటుతుంది! టెస్టు మధ్యలో రిలీఫ్ వాల్వ్ లేకుండా ఎప్పుడూ వదలకండి.

అనంత_మాస్టారు
ఎండ మాట ఒప్పుకుంటాను, నేను ఆ టైమ్ అడగాల్సింది. అయినా మొదటి ప్రెషర్‌కు సర్దుబాటు ఉంటుందన్న మాట మీద నిలబడతాను. తేల్చే దారి ఒకటుంది. తెల్లవారుజామున, ఎండ రాకముందే, మెడలో గాలి తీసేసి మళ్లీ 12 దాకా ఎక్కించి దించండి. ఈ ట్యాంకు ఇప్పటికే అంతకన్నా ఎక్కువ ప్రెషర్ చూసింది కాబట్టి, సర్దుబాటే అయితే రెండోసారి ఆ తేడా రాదు. ఎక్కించిన నీళ్లు, వచ్చిన నీళ్లు సమానం కావాలి, రెండూ 19కి దగ్గరగా ఉండాలి. మళ్లీ లీటరు తగ్గితే ఉష్ణోగ్రతో, పంపు దగ్గర కారిపోయిన నీళ్లో చూడాలి. ప్రతిసారీ తగ్గుతూ పోతే మాత్రం ఇన్‌స్పెక్టర్‌కు చెప్పకుండా నైట్రోజన్ ఎక్కించవద్దు.

లలిత_ఎన్‌డీటీ
రెండోసారి సమానం వచ్చినా మొదటిసారి సాగింది ఎంతో తెలియదు మాస్టారూ, అది పోయిన సమాచారమే. నేనైతే దాంతోపాటు ట్యాంకు నడుము దగ్గర స్టీలు టేపు చుట్టి బయటి చుట్టుకొలత తీయమంటాను. 12 బార్‌కు రెండున్నర మి.మీ. పెరగాలి. టేపును ముందే చుట్టి ట్యాంకుతో పాటే వేడెక్కనిస్తే ఎండ తేడా చాలావరకు తనంతట తానే పోతుంది. కానీ లీటరు సాగుడు చుట్టుకొలతలో పావు మి.మీ. కూడా కాదు, అది టేపుకు అందదు. కొనతేలిన అతుకులకు టెంప్లేటు ఆనించి చూడటం మేలు.

ఏఈ_ప్రిపరేషన్
పంపు గ్లాండ్ దగ్గర కారిన నీళ్లు ఎవరైనా చూశారా? చేతిపంపులు కొంచెం ఉమ్ముతాయి.

శ్రీను_కర్నూలు
కారింది అన్నా, గోనెసంచి చుట్టి ఉంచారు. ఎంత కారిందో ఎవరూ కొలవలేదు. సీనియర్ అన్నతో మాట్లాడాను. నెత్తి ఫ్లాంజ్‌కు కుళాయి డ్రిల్ చేయిస్తున్నారు. ఆదివారం తెల్లవారుజామున నాలుగింటికి మళ్లీ ఎక్కించడానికి ఒప్పుకున్నాడు. ప్లేటు మీద నాలుగు చోట్ల, నీళ్లలో ఒక చోట థర్మామీటరు పెడతాను, పంపు కింద వేరే పళ్లెం పెడతాను. రీడింగులు ఇక్కడే వేస్తాను.

ఆదోని_మిల్లు
లలితమ్మా, ఈరోజు డ్రెయిన్ నేనే విప్పాను. రెండు బకెట్ల ఎర్రనీళ్లు వచ్చాయి. కొలిచేవాళ్లను ఎవరిని పిలవాలో చెప్పండి, అప్పటిదాకా ప్రెషర్ 5కి తగ్గించాను.

లలిత_ఎన్‌డీటీ
తగ్గించడం మంచి పని. ఎర్రనీళ్లంటే లోపల తుప్పు నడుస్తున్నట్టే. మెసేజ్ పెడుతున్నాను చూడండి. కొలిచేవరకు 5 కూడా అవసరం లేకపోతే ఆ ట్యాంకును లైన్ నుంచి తప్పించండి.